‘ఐ యామ్ టూ హ్యాపీ టు మీట్ యూ’ అని రాస్తే తప్పేమిటి?

కొత్తకలం
వచ్చే వారం కొత్త ఉద్యోగంలో చేరుతున్నాను. చేరకముందే మా పై అధికారికి ఈమెయిల్‌లో చిన్న పరిచయం పంపాలి. రాసి స్నేహితురాలికి చూపిస్తే మొదటి వాక్యం దగ్గరే ఆగి నవ్వడం మొదలుపెట్టింది. ‘ఆవిడను కలవడం నీ వల్ల కాదని ముందే చెప్పేస్తున్నావా?’ అంది. ఎందుకలా అర్థం వస్తుందని అడిగితే మాత్రం ‘టూ అలా వాడరు’ అని ఊరుకుంది. నాకు కారణం కావాలి. ఉత్తరం ఇది:

> ఐ యామ్ టూ హ్యాపీ టు మీట్ యూ.
> యువర్ టీమ్స్ వర్క్ ఈజ్ టూ గుడ్.
> ఐ యామ్ ఎనఫ్ ఎక్స్‌పీరియన్స్‌డ్ టు వర్క్ అలోన్.
> ది ట్రైనింగ్ మాన్యువల్ ఈజ్ వెరీ లాంగ్ టు ఫినిష్ బిఫోర్ మండే.
> ఐ విల్ బి టూ గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ గివ్ మి సమ్ మోర్ టైమ్.

ఎక్కడెక్కడ మార్చాలో చెప్పండి. మార్చిన వాక్యం ఒక్కటే ఇస్తే రేపు ఇంకో ఉత్తరంలో మళ్లీ ఇదే రాస్తాను, కాబట్టి కాస్త విడమరచండి.

సూటిగా
ఇందులో విడమరచడానికి ఏముంది? టూ అంటే అతి. అతి అంటే చెడు. అందుకని మంచి మాటల పక్కన వెరీ, చెడ్డ మాటల పక్కన టూ పెట్టండి. వెరీ హ్యాపీ, వెరీ గుడ్, వెరీ గ్రేట్‌ఫుల్. టూ టైర్డ్, టూ హెవీ, టూ లేట్. ఈ సూత్రంతో నేను ఎప్పుడూ ఇబ్బంది పడలేదు.

మేడగది
నాకు తెలిసి టూ అంటే ‘కూడా’. ఎదుటివారు ‘నైస్ టు మీట్ యూ’ అంటే మనం ‘నైస్ టు మీట్ యూ టూ’ అంటాం. కొత్తకలం గారు ఆ టూను వాక్యం చివర పెట్టబోయి మధ్యలో పెట్టినట్టున్నారు. ‘ఐ యామ్ హ్యాపీ టు మీట్ యూ టూ’ అని మారిస్తే సరిపోతుంది.

పాతబల్ల
మేడగది గారూ, మీరు చెప్పిన టూ వేరు. స్పెల్లింగు ఒకటే, రెండు ‘ఓ’లే, కాని పని వేరు. వాక్యం చివర నిలబడితే అది సాధారణంగా ‘కూడా’. విశేషణానికి ముందు నిలబడితే ‘హద్దు దాటింది’ అని అర్థం. ఇక్కడ మీ సవరణ పనికిరాదు. ఆ అధికారి ఇంకా ఏమీ అనలేదు కదా, ‘నాకు కూడా సంతోషం’ అని మనమే ముందు అంటే వినేవారు తికమకపడతారు.

సూటిగా గారి సూత్రం చాలాచోట్ల గట్టెక్కిస్తుంది, అందుకే దాన్ని నమ్మేస్తారు. ఈ వాక్యం చూడండి: ‘దిస్ ఛాన్స్ ఈజ్ టూ గుడ్ టు మిస్.’ గుడ్ మంచి మాటే, పక్కన టూ ఉంది, వాక్యంలో తప్పేమీ లేదు. పైగా ఇది పొగడ్త. ఇంత మంచి అవకాశాన్ని వదులుకోలేం అని. మంచి మాట, చెడ్డ మాట అన్న లెక్క ఇక్కడ చెల్లదు.

సూటిగా
అది జాతీయం. జాతీయాలను లెక్కలోకి తీసుకోకూడదు.

పాతబల్ల
జాతీయం కాదండి, మామూలు వ్యాకరణమే. ‘ది బాక్స్ ఈజ్ టూ హెవీ టు లిఫ్ట్’ ఎలా కట్టారో ‘టూ గుడ్ టు మిస్’ కూడా అలాగే కట్టారు. బరువు ఎంత ఎక్కువంటే ఎత్తడం జరగదు. మంచితనం ఎంత ఎక్కువంటే వదలడం జరగదు. టూ తరువాత వచ్చే ‘టు’ ఏ పని పేరు చెబుతుందో ఆ పని జరగదు. ఆ పని ఎత్తడం అయితే నిరాశ, వదులుకోవడం అయితే సంతోషం. మంచీ చెడూ ఆ పనిని బట్టి వస్తాయి, టూను బట్టి కాదు.

ఇప్పుడు కొత్తకలం గారి మొదటి వాక్యానికి వస్తాను. ‘హ్యాపీ టు మీట్ యూ’లో ‘టు మీట్ యూ’ సంతోషానికి కారణం చెబుతోంది. మిమ్మల్ని కలిశాను, అందుకు సంతోషం. దీనికి వెరీ తగిలిస్తే సంతోషం పెరుగుతుంది, కారణం అలాగే ఉంటుంది. టూ తగిలించారంటే మాత్రం ఆ ‘టు మీట్ యూ’ హ్యాపీని వదిలి టూను పట్టుకుంటుంది. టూ అనేది గీత దాటిందని చెప్పే మాట. ఏ గీత అని చదివేవారు వెంటనే వెతుకుతారు. పక్కనే ‘టు మీట్ యూ’ కనిపిస్తుంది. ‘కలవడానికి వీల్లేనంత సంతోషం’ అని చదువుకుంటారు. ఒక్క మాట మారితే వాక్యంలో ఎవరు ఎవరికి కట్టుబడి ఉన్నారో మారిపోతోంది. మీ స్నేహితురాలు నవ్వింది అందుకే.

బడిలో ‘టూ తీసేసి తిరిగి రాయండి’ అనే అభ్యాసం చాలామంది చేసే ఉంటారు. ‘హి ఈజ్ టూ వీక్ టు వాక్’ను ‘హి ఈజ్ సో వీక్ దట్ హి కెనాట్ వాక్’ అని మార్చేవాళ్లం. అనుమానం వచ్చిన ప్రతి వాక్యానికీ అదే చేయండి. ‘ఐ యామ్ సో హ్యాపీ దట్ ఐ కెనాట్ మీట్ యూ.’ మీరు అనదలచుకున్నది ఇదేనా? కాదు కాబట్టి అక్కడ టూ ఉండకూడదు.

కొత్తకలం
ఇప్పుడు పట్టు దొరికింది. ఆ అభ్యాసం మార్కుల కోసం చేశానే తప్ప ఇలా వాడుకోవచ్చని ఎవరూ చెప్పలేదు.

అక్షరసాక్షి
నేను ఇంతకంటే చిన్న పరీక్ష వాడతాను. టూ ఉన్నచోట తెలుగులో ‘మరీ’ పెట్టి చదవండి. ‘పెట్టె మరీ బరువుగా ఉంది’ బాగుంది, టూ ఉంచండి. ‘మిమ్మల్ని కలిసినందుకు మరీ సంతోషంగా ఉంది’ ఎబ్బెట్టుగా ఉంది, టూ తీసేయండి. నిమిషం కూడా పట్టదు.

గడుసరి
మరి ‘మరీ ముఖ్యంగా’ సంగతి? రోజూ వార్తల్లో వింటాం. అక్కడ మరీకి అతి అన్న అర్థం లేదు. మీ పరీక్ష నమ్ముకున్నవాళ్లు దాన్ని ‘టూ ఇంపార్టెంట్లీ’ అని రాస్తారు. నేను అలాంటి వాక్యం దిద్దాను కూడా.

అక్షరసాక్షి
నిజమే. ఆ ఒక్కచోట తప్పుతుంది, మిగతాచోట్ల పనిచేస్తుంది.

పాతబల్ల
ఇంకోచోట కూడా తప్పుతుంది, అదే ఎక్కువ ప్రమాదం. తెలుగులో మనం ప్రతిసారీ ‘మరీ’ అనం. ‘పెట్టె చాలా బరువుగా ఉంది, ఎత్తలేను’ అంటాం. రెండో ముక్కలో ‘ఎత్తలేను’ అని విడిగా చెప్పేస్తాం కాబట్టి చాలా సరిపోతుంది. అదే ధోరణిలో ఇంగ్లీషు రాస్తే ‘ది బాక్స్ ఈజ్ వెరీ హెవీ టు లిఫ్ట్’ అవుతుంది. ఇది మొదటి తప్పుకు అద్దంలో ప్రతిబింబం లాంటిది. అక్కడ వెరీ కావలసినచోట టూ పడింది, ఇక్కడ టూ కావలసినచోట వెరీ పడింది. ‘ఎత్తలేను’ అన్న సగాన్ని ఇంగ్లీషులో టూ మోస్తుంది. వెరీకి ఆ శక్తి లేదు.

కొత్తకలం గారి నాలుగో వాక్యం ఇదే కోవలోది. ‘ది ట్రైనింగ్ మాన్యువల్ ఈజ్ వెరీ లాంగ్ టు ఫినిష్ బిఫోర్ మండే.’ సోమవారం లోపు చదవలేను అని చెప్పాలి. వెరీతో అది రాదు, వాక్యం కూడా కుంటుతుంది. ‘టూ లాంగ్ టు ఫినిష్ బిఫోర్ మండే’ అని ఉండాలి. చివర ‘ఫినిష్ ఇట్’ అని మాత్రం చేర్చకండి. మాన్యువల్ అన్న మాట ముందే వచ్చేసింది, మళ్లీ ఇట్ అక్కర్లేదు.

నీలిసిరా
ఈ వెరీ, టూ తేడా నా పనిలో రోజూ ఎదురవుతుంది. యంత్రాలతో ఇచ్చే సూచనల పుస్తకాలు దిద్దుతాను. ఒకదానిలో ‘ఆఫ్టర్ యూజ్ ది లిడ్ ఈజ్ వెరీ హాట్ టు టచ్’ అని వచ్చింది. రాసినవారి ఉద్దేశం మూత ముట్టుకోవద్దని. చదివేవారికి మాత్రం ముట్టుకుంటే బాగా వేడిగా తగులుతుందన్న సమాచారంలా ఉంది. గుడ్డ చుట్టుకుని పట్టుకోవచ్చేమో అనుకునే అవకాశం ఉంది. టూ హాట్ టు టచ్ అంటే ముట్టుకోలేనంత వేడి. నేను టూ అని మార్చి, కింద విడిగా ‘డు నాట్ టచ్’ అని కూడా వేయించాను. హెచ్చరికలో అర్థాన్ని ఒక్క చిన్న మాట మీద వదిలేయడం నాకు ఇష్టం ఉండదు.

కొత్తకలం
అలాగైతే ‘వెరీ డిఫికల్ట్ టు సాల్వ్’ కూడా తప్పేనా? చాలాచోట్ల చూశాను.

పాతబల్ల
తప్పు కాదు. డిఫికల్ట్, ఈజీ, హార్డ్ లాంటి మాటలు టూ లేకుండానే ‘టు’ను వెంట తెచ్చుకోగలవు. ‘డిఫికల్ట్ టు సాల్వ్’ దానికదే నిలబడుతుంది, వెరీ పెడితే కష్టం పెరుగుతుంది. హెవీ, లాంగ్ లాంటి వాటికి ఆ సౌకర్యం సాధారణంగా ఉండదు. వాటి తరువాత పని పేరు రావాలంటే టూ గాని ఎనఫ్ గాని తోడుండాలి.

అయితే అర్థం ఒకటి కాదు. ‘వెరీ డిఫికల్ట్ టు సాల్వ్ ఇన్ వన్ డే’ అంటే ఒక్కరోజులో చేయడం బాగా కష్టం, కాని ప్రయత్నిస్తారేమో అన్న ఆశ మిగిలి ఉంది. ‘టూ డిఫికల్ట్’ అంటే ఒక్కరోజులో కాదు, గడువు పెంచండి అని. పై అధికారికి రాసేటప్పుడు ఈ రెండింటిలో ఏది చెబుతున్నారో చూసుకోవాలి. మొదటిది రాస్తే ఆవిడ సాయంత్రం దాకా ఎదురుచూస్తారు.

గడుసరి
పాతబల్ల గారూ, మీ సూత్రానికి ఒక చిక్కు. ఒక కంపెనీకి ఫిర్యాదు రాస్తే జవాబులో ‘వి ఆర్ ఓన్లీ టూ హ్యాపీ టు హెల్ప్’ అని వచ్చింది. రాసినవాళ్లది ఇంగ్లీషే మాతృభాష. మీ లెక్క ప్రకారం వాళ్లు సహాయం చేయం అన్నట్టేనా? అయితే నేనే హాయిగా ‘టూ హ్యాపీ’ వాడేస్తాను.

పాతబల్ల
మంచి చోట పట్టుకున్నారు. ‘ఓన్లీ టూ’ అని జంటగా వస్తే అది వెరీతో సమానం. సహాయం చేయడానికి ఎంతో సిద్ధంగా ఉన్నాం అని అర్థం. గ్లాడ్, ప్లీజ్డ్, విల్లింగ్ పక్కన కూడా ఇలాగే వస్తుంది. పాత ఇంగ్లీషు నవలల్లో ఓన్లీ లేకుండా కూడా, ‘సంతోషంగా వస్తాను’ అనే మర్యాద అర్థంలో ‘టూ హ్యాపీ’ కనిపిస్తుంది. ఈ రోజు ఓన్లీ లేకుండా రాస్తే ఆ పాత మర్యాద ఎవరికీ గుర్తురాదు, ‘కలవలేను’ అన్న అర్థమే ముందు తడుతుంది. పైగా ఓన్లీ టూ హ్యాపీ సాధారణంగా సాయం చేస్తామని ముందుకొచ్చే సందర్భంలో వాడేది. పరిచయంలో వెరీ హ్యాపీ చాలు.

మేడగది
‘యూ ఆర్ టూ కైండ్’ అని మా ఆఫీసులో ఒకాయన అందరికీ రాస్తాడు. తిట్టా, పొగడ్తా?

పాతబల్ల
పొగడ్తే. ‘నాకు తగినదాని కంటే ఎక్కువ దయ చూపుతున్నారు’ అని వినయం. హద్దు దాటిందన్న అర్థం అక్కడా ఉంది, ఆ హద్దు ఆయన అర్హత.

సూటిగా
చూశారా, ఎన్ని మినహాయింపులో. నా సూత్రమే హాయి.

ఇంద్రధనుస్సు
నేను రెండో వాక్యం దగ్గర అడ్డుపడతాను. ‘యువర్ టీమ్స్ వర్క్ ఈజ్ టూ గుడ్’లో తప్పేముంది? వెనక ‘టు’ లేదు, ఏ పనీ ఆగిపోవడం లేదు. మా వాళ్లంతా మెచ్చుకోవడానికి ‘టూ గుడ్’ అనే అంటారు, అందరికీ అర్థమవుతుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు కూడా ‘దట్స్ టూ ఫన్నీ’, ‘టూ క్యూట్’ అంటుంటారు. పదిమంది వాడి, పదిమందికి అర్థమయ్యేదాన్ని తప్పు అనడం నాకు నచ్చదు.

పాతబల్ల
మాటల్లో, స్నేహితుల మధ్య సందేశాల్లో నేనూ తప్పుపట్టను. ఉత్తరంలో వేరు. ‘టు’ లేకపోయినా టూ ఒక ప్రశ్న లేపుతుంది: దేనికి మరీ ఎక్కువ? జవాబు పక్క వాక్యంలోనో సందర్భంలోనో దొరికితే సరే. ‘ఈ చొక్కా టూ బిగ్’ అంటే నాకు మరీ పెద్దది అని వెంటనే తెలుస్తుంది. ‘మీ పని టూ గుడ్’ అంటే దేనికి? జవాబు లేదు. పరిచయం లేని మనిషి ‘నమ్మలేనంత బాగుందంటే ఏదో అనుమానిస్తున్నారా’ అని కూడా అనుకోవచ్చు. టూ గుడ్ టు బి ట్రూ అన్న మాట అందరి చెవుల్లో ఉంటుంది కదా.

ఇంద్రధనుస్సు
అంత అనుమానించేవారు వెరీ గుడ్ అన్నా అనుమానిస్తారు. నేను ఒప్పుకోవడం లేదు. మాట్లాడే భాషలో ఉన్నది నెమ్మదిగా రాతలోకి వస్తుంది.

నీలిసిరా
రావచ్చు. వచ్చేదాకా జీతం ఇచ్చేవారికి రాసే ఉత్తరంలో దాన్ని పరీక్షకు పెట్టవద్దనే నా సలహా.

కొత్తకలం
టూ, వెరీ సంగతి తెలిసింది. అందరి మాటలూ చూసి మళ్లీ రాశాను. ఎనఫ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి దాన్ని నాకు తోచినట్టు సర్దాను:

> ఐ యామ్ వెరీ హ్యాపీ టు మీట్ యూ.
> యువర్ టీమ్స్ వర్క్ ఈజ్ గుడ్ ఎనఫ్.
> ఐ యామ్ ఎక్స్‌పీరియన్స్‌డ్ ఎనఫ్ టు వర్క్ అలోన్.
> ది ట్రైనింగ్ మాన్యువల్ ఈజ్ టూ లాంగ్ టు ఫినిష్ బిఫోర్ మండే.
> ఐ విల్ బి వెరీ గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ గివ్ మి ఎనఫ్ టైమ్.

గడుసరి
రెండో వాక్యం దయచేసి పంపకండి!

పాతబల్ల
గడుసరి గారు అరిచారంటే కారణం ఉంది. టూ గుడ్ తీసేసి గుడ్ ఎనఫ్ పెట్టారు. ‘మీ బృందం పని ఫరవాలేదు, గట్టెక్కుతుంది’ అన్నట్టయింది. ఎనఫ్ అంటే అవసరమైనంత ఉందని, అంతకు మించి ఉందని కాదు. గీతను అందుకుంది, అంతే. మనం ‘బాగానే ఉంది’ అనేటప్పుడు ఆ ‘నే’ ఎంత చల్లగా ఉంటుందో ఇదీ అంతే. కొత్తగా చేరే మనిషి పై అధికారి బృందానికి ఉత్తీర్ణత మార్కులు వేసినట్టు ఉంటుంది. అక్కడ వెరీ గుడ్ కూడా కాస్త అలాగే వినిపిస్తుంది. నేనైతే ‘ఐ హావ్ రెడ్ అబౌట్ యువర్ టీమ్స్ వర్క్ అండ్ ఐ అడ్మైర్ ఇట్’ అని రాస్తాను. నిజంగా చదివి ఉంటేనే.

మూడో వాక్యంలో వరుస సరిగ్గా సర్దారు. విశేషణమైతే ఎనఫ్ దాని వెనక వస్తుంది: ఎక్స్‌పీరియన్స్‌డ్ ఎనఫ్, ఓల్డ్ ఎనఫ్. నామవాచకమైతే ముందు వస్తుంది: ఎనఫ్ టైమ్, ఎనఫ్ ఎక్స్‌పీరియన్స్. మీరు ఐదో వాక్యంలో ఎనఫ్ టైమ్ అని రాసింది వరుసకు సరే. కాని దాని భావం ‘ఇప్పుడిచ్చింది చాలదు’ అని. మొదట రాసిన ‘సమ్ మోర్ టైమ్’ మెత్తగా ఉంది, అదే ఉంచండి.

టూకు ఎదురుగా ఎనఫ్‌ను పెట్టి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. టూ వెనక ‘టు’ వస్తే ఆ పని జరగదు. ఎనఫ్ వెనక ‘టు’ వస్తే ఆ పని జరగగలదు. ఎనఫ్ ముందు నాట్ పెడితే మళ్లీ జరగదు. ‘నాట్ ఓల్డ్ ఎనఫ్ టు డ్రైవ్’ అన్నా ‘టూ యంగ్ టు డ్రైవ్’ అన్నా బండి ఇవ్వరనే అర్థం.

మేడగది
మరి టూ ముందు నాట్ పెడితే? ‘ఐ యామ్ నాట్ టూ టైర్డ్ టు వర్క్’ అని ఒకరు రాస్తే ఆయన పని చేస్తాడా, చేయడా? నాకు తల తిరుగుతోంది.

పాతబల్ల
చేస్తాడు. అలసట ఉంది కాని పని ఆపేంత లేదు. అయితే ‘టు వర్క్’ లేకుండా ‘ఐ యామ్ నాట్ టూ హ్యాపీ అబౌట్ దిస్’ అంటే మాత్రం జాగ్రత్త. అది ‘అంత సంతోషంగా లేను’ అని మర్యాదగా చెప్పే అసంతృప్తి. పై అధికారి నోట విన్నారంటే పని మళ్లీ చేయాల్సిందే.

సూటిగా
మొదటి వాక్యంలో వెరీ కన్నా సో బాగుంటుందని నా అభిప్రాయం. ‘ఐ యామ్ సో హ్యాపీ టు మీట్ యూ.’ ఆప్యాయంగా ఉంటుంది.

నీలిసిరా
ఎదురుగా నిలబడి అంటే బాగుంటుంది. మొదటి ఈమెయిల్‌కు నాకు వెరీనే నచ్చుతుంది. అసలు ఇంకా కలవలేదు కదా, మీట్ అనడమే తొందర. ‘ఐ యామ్ వెరీ హ్యాపీ టు బి జాయినింగ్ యువర్ టీమ్’ అంటే జరుగుతున్న విషయమే చెప్పినట్టు ఉంటుంది.

సూటిగా
జాయినింగ్ సంగతి ఒప్పుకుంటాను. సో విషయంలో మాత్రం నా మాట మీదే ఉంటాను.

కొత్తకలం
వెరీ హ్యాపీ టు బి జాయినింగ్ తీసుకున్నాను. రెండో వాక్యం పూర్తిగా ఎత్తేశాను, వాళ్ల పని గురించి ఇంకా ఏమీ చదవలేదు. చివరి సందేహం: ‘దిస్ ఈజ్ ఎ టూ బిగ్ టాస్క్ ఫర్ వన్ వీక్’ అని ఇంకో ఉత్తరంలో ఉంది. అది సరేనా?

పాతబల్ల
‘ఎ’ను వెనక్కి జరపండి. ‘టూ బిగ్ ఎ టాస్క్.’ అలా రాయడం ఇబ్బందిగా ఉంటే వాక్యం తిప్పేయండి: ‘దిస్ టాస్క్ ఈజ్ టూ బిగ్ ఫర్ వన్ వీక్.’ ఎక్కువమంది అలాగే రాస్తారు.